14వ తేదీకీ 20వ తేదీకీ మధ్య: కొనుగోలు బిల్లులను GSTR-2Bతో సరిచూసి ఐటీసీ తీసుకోవడం ఎలా

ఖమ్మంలో ఒక ఎలక్ట్రికల్ షాపు ఉందనుకుందాం. 2025 నవంబరులో కొన్న సరుకు విలువ 8 లక్షలు, దాని మీద 18 శాతం చొప్పున బిల్లుల్లో కట్టిన జీఎస్టీ 1,44,000 రూపాయలు. డిసెంబరు 14న పోర్టల్ తెరిస్తే GSTR-2Bలో, అంటే అమ్మిన పార్టీలు మీ నంబరు మీద ఎక్కించిన బిల్లుల పట్టికలో, కనిపిస్తున్న పన్ను మొత్తం మాత్రం 1,36,980. ఓనరు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇందులో ఏది వేయమంటారు?" రెండూ కాదు. కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్‌నే ఐటీసీ అంటారు. ఆ షాపుకు నవంబరుకు రావాల్సిన నికర క్రెడిట్ 1,21,680. ఈ మూడో అంకె ఎలా వచ్చిందో తెలిస్తే మీ షాపు లెక్క మీరే చూసుకోవచ్చు.

ముందుగా ఒక విషయం. బిల్లు చేతిలో ఉంది, డబ్బు కట్టేశాం, ఇక క్రెడిట్ మనదే అనుకోవడం 2022 జనవరి 1 నుంచి చెల్లదు. అంతకు ముందు 2Bలో కనిపించని బిల్లుల మీద కూడా కొంత శాతం తీసుకోనిచ్చేవారు. మొదట 20 శాతం, తర్వాత 10, ఆ తర్వాత 5. ఇప్పుడు సున్నా. అమ్మిన పార్టీ తన అమ్మకాల రిటర్ను GSTR-1లో మీ బిల్లు ఎక్కించాలి, అది మీ 2Bలో పడాలి, సరుకు మీకు చేరాలి, పన్ను ప్రభుత్వానికి వెళ్లాలి. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా క్రెడిట్ నిలవదు.

తేదీలు ముందు పెట్టుకోండి

నెలనెలా రిటర్ను వేసే పార్టీలు GSTR-1 వేయడానికి గడువు తర్వాతి నెల 11. మూడు నెలలకోసారి వేసేవాళ్లు కావాలనుకుంటే IFF అనే సదుపాయంలో మొదటి రెండు నెలల బిల్లులు ఎక్కించవచ్చు, దానికి గడువు 13. మీ 2B 14న తయారవుతుంది. మీరు నెలవారీ పద్ధతిలో ఉంటే 20 లోపు, క్రెడిట్ తీసుకుని పన్ను కట్టే రిటర్ను GSTR-3B వేయాలి. అంటే సరిచూడడానికి మీకున్నది ఆరేడు రోజులే.

11వ తేదీ దాటాక వేసిన పార్టీ బిల్లు ఈ నెల 2Bలోకి రాదు, వచ్చే నెల 2Bలోకి పోతుంది. అందుకే నేను 14 దాకా ఆగను. 9, 10 తేదీల్లోనే పెద్ద బిల్లులున్న పార్టీలకు ఫోన్ చేస్తాను. "అన్నా, మా బిల్లులు ఎక్కించారా?" అన్న ఒక్క మాట చాలు. 15న చేసే ఫోను వల్ల ఆ నెలకు ఒరిగేదేమీ లేదు.

రెండు షీట్లు పక్కపక్కన పెట్టండి

పోర్టల్‌లో Services > Returns > Returns Dashboard లోకి వెళ్లి, నెల ఎంచుకుని GSTR-2B ఎక్సెల్ ఫైలు దించుకోండి. అందులో B2B అనే షీట్‌లో ఒక్కో బిల్లు ఒక్కో వరుసలో ఉంటుంది. రిటర్న్ ఇచ్చిన సరుకుకో, తగ్గింపుకో పార్టీ ఇచ్చిన క్రెడిట్ నోట్లు B2B-CDNR షీట్‌లో ఉంటాయి, వాటిని మర్చిపోకండి. ట్యాలీ నుంచో మీరు వాడే సాఫ్ట్‌వేర్ నుంచో అదే నెల కొనుగోలు రిజిస్టరు కూడా ఎక్సెల్‌లోకి తెచ్చుకోండి.

చాలామంది బిల్లు నంబరుతో సరిచూడబోయి విసిగిపోతారు. మీ అకౌంటెంట్ `SE/25-26/0417` అని కొడతాడు, పార్టీ పోర్టల్‌లో `SE/2526/417` అని ఎక్కిస్తాడు. బిల్లు ఒకటే, ఎక్సెల్‌కు మాత్రం రెండు. నేనైతే మొదటి వడపోత జీఎస్టీ నంబరు, పన్నుకు ముందు విలువ, ఈ రెండింటితోనే చేస్తాను. రెండు షీట్లలోనూ A కాలమ్‌లో పార్టీ జీఎస్టీ నంబరు, D కాలమ్‌లో విలువ వచ్చేలా సర్ది, G కాలమ్‌లో ఇది రాయండి:

```
=A2&"|"&ROUND(D2,0)
```

2B ఉన్న షీట్‌కు `PORTAL` అని పేరు పెట్టి, మీ రిజిస్టరు షీట్‌లో H కాలమ్‌లో ఇది:

```
=COUNTIF(PORTAL!$G:$G,G2)
```

1 వస్తే బిల్లు దొరికింది. 0 వస్తే దొరకలేదు. 2 వస్తే ఒకే పార్టీ ఒకే విలువతో రెండు బిల్లులు వేసి ఉండాలి లేదా ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కించి ఉండాలి, కాబట్టి కళ్లతో చూడండి. ఇదే పని రెండో వైపు నుంచి కూడా చేయండి. 2Bలో ఉండి మన రిజిస్టరులో లేనివి అప్పుడే బయటపడతాయి. చాలామంది ఈ రెండో వైపు వదిలేస్తారు, చిక్కంతా అక్కడే ఉంటుంది.

తేడాలను ఒక్కొక్కటిగా విప్పడం

మన ఖమ్మం షాపులో మూడు బిల్లులు మన దగ్గర ఒకలా, 2Bలో ఇంకోలా వచ్చాయి.

మొదటిది స్విచ్‌ల హోల్‌సేలరుది. విలువ 60,000, పన్ను 10,800. 2Bలో లేదు. పోర్టల్ హోమ్ పేజీలో Search Taxpayer లోకి వెళ్లి ఆయన జీఎస్టీ నంబరు కొట్టి Show Filing Table నొక్కితే, ఆయన రిటర్నులు మూడు నెలలకోసారి వేస్తున్నట్టు కనిపించింది. నవంబరుకు IFF వాడలేదు. తప్పేమీ లేదు, అది ఆయన ఇష్టం. ఆ బిల్లు అక్టోబరు-డిసెంబరు త్రైమాసికం GSTR-1తో జనవరి 13 లోపు ఎక్కితే మన డిసెంబరు 2Bలో పడుతుంది. అప్పటిదాకా ఆగాల్సిందే. సరుకు కొనేముందే పార్టీ నెలవారీనా త్రైమాసికమా అని అడిగి రాసి పెట్టుకుంటే ఈ కంగారు ఉండదు.

రెండోది ఫ్యాన్ల బిల్లు. విలువ 20,000, పన్ను 3,600. ఆ పార్టీ నెలనెలా వేస్తాడు, వేశాడు కూడా. అయినా మన బిల్లు లేదు. కాగితం తీసి చూస్తే మన షాపు పేరు ఉంది గానీ జీఎస్టీ నంబరు గడి ఖాళీ. ఆయన దాన్ని మామూలు కస్టమరు అమ్మకాల్లో కలిపేశాడు. పన్ను ప్రభుత్వానికి వెళ్లింది, కానీ అది మన పేరు మీద వెళ్లలేదు. ఆయన బిల్లును సరిచేసి, తర్వాతి GSTR-1లో మన నంబరుతో ఎక్కిస్తేనే మనకు వస్తుంది. సరుకు దించుకునేటప్పుడే బిల్లు మీద మన 15 అక్షరాల నంబరు ఉందా, మొదటి రెండంకెలు మన రాష్ట్రానివేనా అని చూసుకోవాలి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. రెండు రాష్ట్రాల్లో షాపులున్నవాళ్లకు ఈ రెండంకెల పొరపాటు తరచూ ఎదురవుతుంది. 37 నంబరు మీద పడిన బిల్లును 36లో వాడుకోలేరు.

మూడోది విజయవాడ నుంచి వచ్చిన వైరు బిల్లు. కాగితం మీద విలువ 54,000, ఐజీఎస్టీ 9,720. 2Bలో మాత్రం 45,000, పన్ను 8,100. తేడా 9,000. విలువల్లో తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడమని పాత అకౌంటెంట్లు చెప్పేవారు. ఇక్కడ జరిగింది అదే, 54 కాస్తా 45 అయింది. ఇప్పుడు తీసుకోగలిగేది 8,100 మాత్రమే. మిగిలిన 1,620 ఆయన బిల్లును సవరించి ఎక్కించాకే.

ఈ మూడూ కలిపితే ఇప్పుడు తీసుకోలేనిది 10,800, 3,600, 1,620, అంటే 16,020. దీన్ని ఖర్చులో కలపకండి, వదిలేయకండి. ట్యాలీలో "రావాల్సిన ఐటీసీ" అని వేరే లెడ్జరు తెరిచి, పార్టీ పేరుతో అందులో పెట్టండి. ప్రతి నెలా 2B వచ్చినప్పుడు ముందు ఆ లెడ్జరే చూడాలి.

ఇక రెండో వైపు. 2Bలో ఉండి నవంబరు రిజిస్టరులో లేనివి రెండు తేలాయి.

ఒకటి 2,700 రూపాయల పన్ను. అది అక్టోబరు బిల్లు. సరుకు అప్పుడే వచ్చింది, లెక్కలో ఎక్కింది, కానీ పార్టీ ఆలస్యంగా వేయడంతో అప్పట్లో "రావాల్సిన ఐటీసీ"లో ఆపాం. ఇప్పుడు వచ్చింది కాబట్టి తీసుకోవచ్చు.

రెండోది 6,300. పార్టీ పేరు చూస్తే గృహోపకరణాల షోరూమ్. ఓనరును అడిగితే నవ్వి, "ఇంటికి ఫ్రిజ్ కొన్నాం, నంబరు ఇస్తే పన్ను వెనక్కొస్తుందని సేల్స్‌మన్ చెప్పాడు" అన్నారు. రాదు. సొంత వాడకానికి కొన్నదాని మీద సెక్షన్ 17(5) ప్రకారం క్రెడిట్ ఉండదు. కానీ అది 2Bలో పడింది, GSTR-3Bలోకి తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. 2B మొత్తాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. 2Bలో ఉందంటే పార్టీ ఎక్కించాడని మాత్రమే. మీకు అర్హత ఉందో లేదో పోర్టల్‌కు తెలియదు.

అర్హత లేనివి: షాపుల్లో తరచూ కనిపించేవి

సెక్షన్ 17(5) జాబితా పెద్దదే. మామూలు వ్యాపారికి తగిలేవి నాలుగైదు. డ్రైవరుతో కలిపి 13 మంది వరకు కూర్చునే కారుకు క్రెడిట్ రాదు. సరుకు మోసే ఆటో, వ్యాను మీద వస్తుంది. దసరాకు కస్టమర్లకు ఉచితంగా పంచిన బహుమతుల మీద రాదు. గోదాంలో తడిసి పాడై, లెక్కల్లోంచి కొట్టేసిన సరుకు మీద ముందే తీసుకున్న క్రెడిట్ ఉంటే అది వెనక్కి ఇవ్వాలి.

ఎక్కువ గొడవ జరిగేది గోదాం కట్టినప్పుడు. సొంత వ్యాపారానికి కట్టుకునే భవనం కాబట్టి సిమెంటు, ఇనుము మీద క్రెడిట్ వస్తుందనుకుంటారు. రాదు. అయితే ఉన్న గోదాముకు రంగులు వేయించి, ఆ ఖర్చును ఆస్తిలో కలపకుండా రిపేర్ల ఖర్చుగా రాస్తే అడ్డు లేదు. చట్టం ఆపేది ఆస్తి విలువలో కలిపినంత మేరకే. కాబట్టి ఆ బిల్లు ఏ లెడ్జరులో పడిందన్నదే తేలుస్తుంది. ఇలాంటిదే ఇంకోటి: ఏదైనా యంత్రం కొని, పన్నుతో కలిపిన ధర మీద తరుగుదల వేసుకుంటే ఆ పన్ను మీద ఐటీసీ పోతుంది. రెండు చోట్లా లాభం తీసుకోనివ్వరు.

2Bలో "ITC Not Available" అని వేరే భాగం ఉంటుంది. అక్కడ పడినవి తీసుకోకూడదు. ఉదాహరణకు సరుకు చూడటానికి చెన్నై వెళ్లి లాడ్జిలో దిగి, ఖమ్మం షాపు నంబరు ఇచ్చారనుకోండి. లాడ్జివాళ్లు తమిళనాడు ఎస్‌జీఎస్టీ వేస్తారు. అది తెలంగాణ నంబరుకు పనికిరాదు.

ఒప్పుకోవడం, ఆపడం, తిప్పి పంపడం

2024 అక్టోబరు 14 నుంచి పోర్టల్‌లో Invoice Management System వచ్చింది. పార్టీ ఎక్కించిన ప్రతి బిల్లు అక్కడ కనిపిస్తుంది. Accept, Reject, Pending అని మూడు బటన్లు. మీరేమీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

Reject వాడాల్సింది ఆ బిల్లు అసలు మీది కానప్పుడే. ఎవరో కొన్న సరుకుకు మీ నంబరు పడితే తిప్పి పంపండి. ఫ్రిజ్ బిల్లు అలా కాదు, అది నిజంగా మీరు కొన్నదే. దాన్ని ఒప్పుకుని GSTR-3Bలో వెనక్కి తీయాలి. Pending అసలు పనికొచ్చేది దారిలో ఉన్న సరుకుకు. నవంబరు 29న బిల్లయి, లారీ డిసెంబరు 3న చేరితే ఆ క్రెడిట్ నవంబరుది కాదు, డిసెంబరుది. అలాంటిదాన్ని ఆపి పెట్టి, సరుకు దిగిన నెలలో ఒప్పుకోండి. ఒక జాగ్రత్త: 14వ తేదీ తర్వాత ఏ బటన్ నొక్కినా 2Bని మళ్లీ లెక్కించమని పోర్టల్‌కు చెప్పాలి. లేదంటే 3Bలో పాత అంకెలే ఉంటాయి.

180 రోజుల లెక్క

క్రెడిట్ తీసుకున్నాక కూడా ఒక షరతు వెంట వస్తుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో పార్టీకి డబ్బు కట్టాలి. కట్టకపోతే, కట్టని మేరకు క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఉద్దెర మీద నడిచే వ్యాపారాల్లో దీన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ.

మన షాపు మే 10న లక్ష రూపాయల వైరు కొంది. పన్నుతో 1,18,000. అందులో 59,000 కట్టారు, మిగతాది "దీపావళికి ఇస్తాం" అన్నారు. 180 రోజులు నవంబరు 6తో పూర్తయ్యాయి. దీపావళి వెళ్లింది, డబ్బు వెళ్లలేదు. బిల్లులో సగం బాకీ కాబట్టి 18,000 పన్నులో సగం, అంటే 9,000 వెనక్కి తీయాలి. నవంబరు రిటర్నులోనే చేసేయడం క్షేమం. వాడేసుకున్న క్రెడిట్ అయితే సంవత్సరానికి 18 శాతం వడ్డీ కూడా పడుతుంది. పార్టీకి బాకీ తీర్చిన నెలలో ఆ 9,000 మళ్లీ తీసుకోవచ్చు. అలా తిరిగి తీసుకోవడానికి, ఆ ఏడాది బిల్లుల క్రెడిట్‌కు ఉండే ఆఖరి తేదీ అడ్డు రాదు. వడ్డీ మాత్రం తిరిగి రాదు.

దీన్ని పట్టుకోవడానికి ట్యాలీలో బిల్లువారీ బాకీల రిపోర్టు తీసి, 150 రోజులు దాటినవి ప్రతి నెలా చూడండి. మిగిలిన 30 రోజుల్లో డబ్బు సర్దుకోవచ్చు. అందుకు పార్టీ ఖాతాలో చెల్లింపులు మొత్తంగా కాకుండా ఏ బిల్లుకు ఆ బిల్లు కొట్టి ఉండాలి. మొత్తంగా జమ వేస్తే ఏ బిల్లు పాతబడిందో ఎవరూ చెప్పలేరు.

GSTR-3Bలో ఏ గడిలో ఏది

ఇప్పుడు అంకెలు పెడదాం. టేబుల్ 4లో 4(A)(5) గడిలో 2B ప్రకారం 1,36,980 ఉంటుంది. దాన్ని కదపకండి. ఫ్రిజ్ మీది 6,300 శాశ్వతంగా పోయేది, అది 4(B)(1)లో. వైరు బాకీ మీది 9,000 తర్వాత తిరిగొచ్చేది, అది 4(B)(2)లో. నికరం 1,21,680. మొదట్లో చెప్పిన అంకె ఇదే. ఐజీఎస్టీ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కాలమ్‌లలో విడివిడిగా కూడా సరిపోవాలి. మొత్తం సరిపోయి కాలమ్‌లు తారుమారైతే అదీ తేడాయే.

(B)(1), (B)(2) తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ గడి మారితే చిక్కే. (B)(2)లో పెట్టినవాటికి పోర్టల్ Electronic Credit Reversal and Re-claimed Statement అని ఒక ఖాతా నడుపుతుంది. రేపు ఆ 9,000 తిరిగి తీసుకునేటప్పుడు 4(A)(5)లో కలిపి, 4(D)(1)లోనూ చూపాలి. ఆ ఖాతాలో నిల్వ ఉంటేనే అది నప్పుతుంది. పొరపాటున (B)(1)లో పెడితే నిల్వ ఉండదు.

పార్టీ పన్ను కట్టకపోతే

ఇది మన చేతిలో లేని కారణం. పార్టీ GSTR-1 వేస్తాడు, మన 2Bలో బిల్లు పడుతుంది, మనం క్రెడిట్ తీసుకుంటాం. ఆయన మాత్రం GSTR-3B వేయడు, పన్ను కట్టడు. 2025-26 బిల్లులకు 2026 సెప్టెంబరు 30 దాకా కూడా ఆయన 3B వేయకపోతే, మనం నవంబరు 30 లోపు ఆ క్రెడిట్‌ను 4(B)(2)లో వెనక్కి తీయాలి. ఆయన ఎప్పుడు వేస్తే అప్పుడు మళ్లీ తీసుకోవచ్చు.

నా దగ్గర ఒక షాపు ఒకే పార్టీ దగ్గర ఏడాదంతా కొని, చివరికి ఇలా ఇరుక్కుంది. ఫోన్లకు జవాబు లేదు, డబ్బు మొత్తం ముందే ఇచ్చేశారు. అప్పటి నుంచి కొత్త పార్టీల విషయంలో నేను చెప్పేది ఒకటే: సరుకు విలువ కట్టండి, పన్ను భాగం ఆయన 3B వేసినట్టు Show Filing Tableలో కనిపించాక ఇవ్వండి. మంచి పార్టీలు ఒప్పుకుంటాయి. ఒప్పుకోని పార్టీ నెలనెలా రిటర్నులు వేస్తున్నాడో లేదో అదే టేబుల్‌లో చూస్తే జవాబు తెలుస్తుంది.

నవంబరు 30 ఇంకో రకంగా కూడా ముఖ్యం. 2025-26 బిల్లుల మీద ఇంకా తీసుకోని క్రెడిట్‌కు 2026 నవంబరు 30 ఆఖరి తేదీ, వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే ఆ రోజే ఆఖరు. పార్టీ పాత బిల్లులు సరిచేయడానికీ ఇదే గడువు. అందుకే "రావాల్సిన ఐటీసీ" లెడ్జరులో పాతవి ఏమున్నా ఆగస్టు, సెప్టెంబరులోనే వెంటపడండి.

నోటీసు వస్తే

2Bలో ఉన్నదానికంటే 3Bలో బాగా ఎక్కువ తీసుకుంటే పోర్టల్ నుంచి DRC-01C వస్తుంది. ఏడు రోజుల్లో ఎక్కువైనది వడ్డీతో కట్టాలి లేదా కారణం చెప్పాలి. మన షాపు రిజిస్టరు చూసి 1,44,000 వేసి ఉంటే 2B కంటే 7,020 ఎక్కువయ్యేది.

దానికంటే గట్టిది రూల్ 86A. అమ్మిన పార్టీ అసలు లేడనో, సరుకు రాకుండా బిల్లు మాత్రమే వచ్చిందనో నమ్మడానికి కారణం ఉంటే, అధికారి మీ క్రెడిట్ లెడ్జరులో అంత మొత్తాన్ని వాడకుండా ఆపవచ్చు. ఏడాది తర్వాత ఆ ఆపుదల దానంతటదే తొలగిపోతుంది, కానీ ఆ ఏడాదంతా పన్ను జేబులోంచి కట్టాలి. అప్పుడు అడిగేది బిల్లు కాదు, సరుకు నిజంగా వచ్చిందనడానికి ఆధారం. ఈ-వే బిల్లు, లారీ రసీదు, కాటా చీటీ, సరుకు దించుకున్న రోజు స్టాకు రిజిస్టరులో పడిన వరుస, బ్యాంకు ద్వారా కట్టిన చెల్లింపు. వీటిని బిల్లుకే పిన్ను కొట్టి ఉంచండి, వేరే ఫైలులో కాదు.